బస్సును బస్సనే అననియ్యుండ్రి

సెప్టెంబర్ 9 దగ్గర పడ్డదంటె చాలు, బడులల్ల, కాలేజీలల్ల ఒక పోటీ మొదలైతది. ఐదు నిమిషాలు ఒక్క ఇంగ్లిషు మాట రాకుండ మాట్లాడాలె, వస్తె మార్కు కోత. 2014ల రాష్ట్రం వచ్చినంక కాళోజీ పుట్టినరోజును తెలంగాణ భాషా దినోత్సవంగ జరుపుకుంటున్నం. సంతోషమే. గాని ఒక ఊరి బడిల మేము చూసిన పోటీ మాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి లేచి, ఇంటిల్లిపాది మేడారం జాతరకు పోయిన ముచ్చట చెప్పింది. ఆ చెప్పుడు చూస్తె ముసలోళ్లు గూడ చెవులు రిక్కించిండ్రు. "పొద్దుగాల్నే బస్సెక్కినం" అన్నది, ఒక మార్కు పోయింది. "టికెట్ల కాడ మా నాయినకు లొల్లి అయింది" అన్నది, ఇంకొకటి పోయింది. "ఒకాయన కాలు తొక్కిన, సారీ తాతా అన్న" అన్నది, మూడోది గూడ పోయింది. బహుమతి ఎవరికి వచ్చిందంటరా? "మేము చతుశ్చక్ర వాహనమున ప్రయాణించితిమి" అన్న పిల్లగానికి. ఆ సంగతి చాటిన సారు మైకు పట్టుకొని, "మార్కులు కట్ చేసినం, ఏమనుకోవద్దు" అన్నడు. ఆయనకు మార్కులు కోసెటోళ్లు ఎవరూ లేరు మరి!

కాళోజీ ఆ సభల ఉంటె ఏమనెటోడో మేము చెప్పబోం. ఆయన బతుకంత ఎవరి నోటి మాట పక్క నిలవడ్డడో ఈ పత్రిక చదివెటోళ్లకు వేరే చెప్పే పని లేదు. మేము చెప్పేది ఆ పిల్ల కోల్పోయిన మూడు మార్కుల గురించి. బస్సు, టికెట్, సారీ. ఈ మూడు మాటలను నలుగురిల మాట్లాడేటప్పుడు తర్జుమా చెయ్యాల్సిన అవసరం లేదు. చేస్తె తెలుగు పెరుగదు, తరుగుతది. ఎట్లనో ఒక్కొక్కటి చూద్దాం.

ముందుగాల బస్సు. మన దిక్కు సర్కారు బస్సు నడిచింది 1932ల, నిజాం స్టేట్ రైల్వే కింద పెట్టిన రోడ్డు రవాణా శాఖతోటి. షురూల 27 బస్సులు. అంతకుముందు మనకు బండ్ల పేర్లకు కరువు లేదు. ఎడ్లబండి ఉన్నది, కచ్చురం ఉన్నది, టాంగా ఉన్నది. వచ్చిన కొత్త బండి వీటిల ఏదీ కాదు. అందుకే బండితోటి వచ్చిన పేరునే మనోళ్లు పట్టుకున్నరు. పట్టుకొని ఊకోలేదు, దాన్ని తెలుగు చేసిండ్రు. 'బస్' అని గట్టిగ ఆగిపోయే మాట మన నోటికి సరిపడది, మన మాటలు అచ్చుతోటి ముగుస్తయి. అందుకని సకారాన్ని ఒత్తి, చివరికి ఉకారం తగిలిచ్చి 'బస్సు' అన్నరు. బస్సు ప్లస్ ఎక్కు బస్సెక్కు అయింది, అచ్చంగ ఉత్వసంధి. బస్సుల, బస్సుకు, బస్సోళ్లు, ఎర్రబస్సు. బడిల సంధి సూత్రం నేర్వని అవ్వ నోట్లె గూడ ఆ సూత్రం తప్పకుండ నడుస్తది. ఒక పరాయి మాట మనదైందా లేదా అని తేల్చుకునెతందుకు ఇంతకంటె మంచి గీటురాయి మాకు దొరకలేదు. మన విభక్తి పెట్టుకున్నదా, మన సంధికి లొంగిందా, మన క్రియను పక్కన కూసోపెట్టుకున్నదా? ఈ మూడు చేసిందంటె అది మన ఇంటి కోడలే. పుట్టిల్లు అడిగి ఇంట్లకెల్లి వెళ్లగొడుతమా?

నిజానికి ఆ మాట పుట్టిల్లు గూడ సక్కగ లేదు. లాటిన్ల 'అందరికి' అనే అర్థమొచ్చే 'ఓమ్నిబస్' అన్న మాట నుంచి తల నరికి, తోక మాత్రం ఉంచుకొని ఇంగ్లిషోళ్లు బస్ అన్నరు. తోకకు సొంతంగ అర్థమే లేదు, అది ఒట్టి విభక్తి. ఇంగ్లిషోళ్లు ఇంకొకరి విభక్తిని ఎత్తుకొచ్చి పేరు చేసుకుంటె తప్పులేదట, మనం దానికి మన విభక్తి పెట్టుకుంటె మార్కు పోతదట!

ఇగ తర్జుమా చేస్తె ఏమైతదో చూసెతందుకు ఎక్కడికో పోనక్కరలేదు. ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచి ఆర్టీసీ బస్టాండ్ల మీద 'ప్రయాణ ప్రాంగణం' అని పెద్ద అక్షరాలతోటి రాసిపెట్టిండ్రు. అక్షరాలు బాగున్నయి, బోర్డు బాగున్నది. ఆ బోర్డు కిందనే నిలవడి ఆటో ఆయనను "ప్రయాణ ప్రాంగణం ఎక్కడ?" అని అడిగి చూడుండ్రి. ఆయన మీ దిక్కు వింతగ చూస్తడు. ఇన్నేండ్లు గోడ మీద ఉండి గూడ ఆ మాట గోడ దిగి మనిషి నోట్లెకు రాలేదు. ఎందుకు రాలేదు? ప్రయాణం సంస్కృతమే, ప్రాంగణమూ సంస్కృతమే. ప్రాంగణమంటె వాకిలి. ఒక ఎరువు మాటను తీసి ఇంకొక పాత ఎరువు మాటను పెట్టి, దానికి తెలుగు అని పేరు పెట్టిండ్రు. అదే ఆర్టీసీ 'పల్లెవెలుగు' అని పేరు పెడితె జనం పలికిండ్రు. అది రెండు చిన్న మాటల జంట, పైగ అప్పటికే జనం నోట్లె స్థిరపడ్డ మాటను కొట్టేసి దాని జాగల కూసోలేదు. 'పల్లెవెలుగు బస్సు' అని బస్సును పక్కనే ఉంచుకున్నది. తెలుగు పేర్లు పెట్టొద్దని మేము అంటలేము, పెట్టే తెలివి ఉండాలె అంటున్నం.

ఇప్పుడు టికెట్. దీనికి ఒక బస్సు ఎక్కుదాం. జనగామ నుంచి ఉప్పల్ పోయే బస్సు అనుకోండ్రి. ఆలేరుల ఒక అవ్వ మనుమన్ని తీసుకొని ఎక్కుతది. అప్పుడు నడిచే మాటలు ఇట్లుంటయి.

"బిడ్డా, ఉప్పల్‌కు టికెట్ కొట్టు."

"ఆధార్ కార్డు సూపియ్యవ్వా. నీకు జీరో టికెట్. పిల్లగానికి ఎన్నేండ్లు?"

"పదకొండు."

"అయితె ఆఫ్ టికెట్. చిల్లర ఉన్నదా?"

"చిల్లర యాడిది బిడ్డా, నోటే ఉన్నది."

"టికెట్ ఎనుక రాస్త, దిగేటప్పుడు అడుగు. ఆ, రైట్ రైట్!"

ఈ నాలుగు ముక్కలల్ల టికెట్ అన్న మాట ఎన్ని పనులు చేస్తున్నదో చూడుండ్రి. 2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంల ఆడోళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల పైసలు లేవు. పైసలు లేకున్నా టికెట్ మాత్రం తీసుకోవాలె, ఎందుకంటె ఆ టికెట్ల లెక్క మీదనే సర్కారు ఆర్టీసీకి పైసలు కట్టియ్యాలె. పైసలు లేని టికెట్! ఇసొంటిది అంతకుముందు లేదు. దానికి పేరు కావాల్సి వస్తె 'జీరో టికెట్' అన్న మాట చూస్తుండగనే ఊరూరు తిరిగింది. ఏ భాషా సంఘం కూసొని పెట్టలేదు. పంతులుగారు ఉన్నట్లయితె 'శూన్య రుసుము ప్రయాణ పత్రము' అనెటోడు. డెబ్బై మంది కిక్కిరిసిన బస్సుల కండక్టర్ ఆ మాట పలికేలోపల ఆలేరు పోయి భువనగిరి వస్తది.

'చీటి' అనొచ్చు గదా అని కొందరు అడుగుతరు. అడిగినోళ్లకు అర్థం తెలుసు గాని బజారు తెలువదు. మందుల చీటి ఉన్నది, రేషన్ దుకాణం చీటి ఉన్నది, నెలనెల కట్టే చిట్టీలు ఉన్నయి, పేర్లు రాసి తీసే చీట్లు ఉన్నయి. అవ్వ "చీటి ఇయ్యి" అంటె ఏ చీటి? టికెట్ అంటె ఒక్కటే, పైసలు కట్టి లోపలికి పోయే హక్కు. ఆ ఒక్క అర్థం నుంచే అది కొమ్మలేసింది. పొట్టిగ ఉన్నోన్ని దోస్తులు 'ఆఫ్ టికెట్' అని ఏడిపిస్తరు. ఎన్నికలొస్తె "ఆయనకు టికెట్ రాలె, ఇంకో పార్టీల దుంకిండు" అంటరు. పోయినోన్ని "టికెట్ తీసుకున్నడు" అని మోటు సరసమాడుతరు. కొమ్మలేసిన చెట్టుకు ఏర్లున్నట్టే లెక్క.

'టికెట్ కొట్టు' అన్నదాని మీద గూడ ఒక మాట. ఇప్పుడు మిషన్ల నుంచి కాగితం వస్తది, కొట్టేది ఏమీ లేదు. ఒకప్పుడు కండక్టర్ చేతుల రంగురంగుల టికెట్ల ట్రే, ఒక పంచు ఉండేది. టికెట్‌కు బొక్క కొట్టి ఇచ్చెటోడు. ఆ కొట్టుడే మాటల మిగిలి ఉంటదని మా అనుకోలు. సామాను పోయినా క్రియ పోలేదు. ఇంగ్లిషు పేరును తెచ్చుకున్నం గాని దాని క్రియను తెచ్చుకోలేదు, మన కొట్టుడునే పెట్టుకున్నం. ఎరువు మాటలతోటి తెలుగు పాడైతదని భయపడెటోళ్లు క్రియల దిక్కు చూడాలె. వాక్యానికి ఎన్నుపూస క్రియ. ఎక్కుడు, దిగుడు, కొట్టుడు, రాసుడు ఉన్నన్ని దినాలు ఆ వాక్యం తెలుగే.

'స్టేజి' ఇంకా చిత్రమైనది. బస్సు కిరాయి కొలిచెతందుకు దారిని స్టేజీలుగ కోస్తరు. రెండు స్టేజీల నడుమ ఎక్కినోడు ఎనుకటి స్టేజి నుంచి పైసలు కట్టాలె. ఆ లెక్కల మాట ఇయ్యాల మన పల్లెలల్ల జాగల పేరైంది. సడక్ మీద బస్సాగే మూల మలుపును 'ఫలానా ఊరి స్టేజి' అంటరు. అక్కడ చాయ్ దుకాణం, పంచర్ దుకాణం, నాలుగు ఆటోలు పుట్టుకొస్తయి. "స్టేజి కాడ దింపు" అంటె డ్రైవర్‌కు ఎక్కడ బ్రేకు తొక్కాల్నో తెలుస్తది. దీన్ని నిఘంటువు తీసి 'దశ' అనో 'వేదిక' అనో అంటె ఆ అవ్వ దిగాల్సిన కాడ దిగదు.

మూడోది సారీ. మాకు అన్నిటికంటె ముఖ్యమైనది ఇదే. ఆ పిల్లను "క్షమించండి అనాలె గదమ్మా" అని సారు సరిదిద్దిండు. తాత కాలు మీద కాలు పడ్డది, తాత "పోనీ బిడ్డా" అన్నడు, అయిపోయింది. అంత దానికి క్షమాపణ ఎందుకు? క్షమించుడు పెద్ద పని. ప్రాణం మీదికి తెచ్చినోన్ని, ఇల్లు ముంచినోన్ని క్షమిస్తరు. కాలు తొక్కినోన్ని క్షమిస్తె, రేపు నిజంగ కడుపు కొట్టినోడు వస్తె అప్పుడు ఏ మాట వాడుతం?

ఇంకొకటి ఉన్నది. తెలుగు క్రియ మనిషిని చూసి మారుతది. క్షమించు అంటె నువ్వు, క్షమించుండ్రి అంటె మీరు. కిక్కిరిసిన బస్సుల ఎవరి కాలో తెలువకుండ తొక్కినంక, తల ఎత్తి చూసి, వయసు, బట్ట, మెడల బంగారం అంచనా వేసి, నువ్వా మీరా అని తేల్చుకొని మాట్లాడాలె. సారీకి ఆ లెక్క లేదు. అది అందరికి ఒక్కటే. కావాల్సిన వరుస మనం తగిలిచ్చుకుంటం. సారీ అన్నా, సారీ అక్కా, సారీ తాతా, సారీ రా. మాట వాళ్లది, వరుస మనది.

తెలంగాణల ఈ సంగతి వేరే బరువుతోటి ఉంటది. మన ఊర్లల్ల ఎనుకట తప్పు ఒప్పుకునే మాటలు ఏమున్నయి? సమానులల్ల 'తప్పైంది', 'మాఫ్ చెయ్యి' ఉన్నయి. దొర ముంగట మాత్రం 'నీ బాంచెను, కాల్మొక్త' ఉన్నది. తప్పు చేసినా అదే, చెయ్యకున్నా అదే, చెప్పులు చేతుల పట్టుకొని గడి ముంగటకెల్లి నడిచినా అదే. ఆ మాట అనిపిచ్చుకున్న దొరతనం మీదనే 1946 నుంచి 1951 దాక ఈ గడ్డ మీద సాయుధ పోరాటం నడిచింది. ఆ మనిషి మనుమడు ఇయ్యాల బస్సుల ఎవరి కాలు తొక్కినా, అది దొర మనుమని కాలైనా సరే, నిటారుగ నిలవడి 'సారీ అన్నా' అంటడు. ఆ మాటల వంగుడు లేదు. దాని జాగల వంగి పలికే మాటను పెట్టుమంటె మేము ఒప్పుకోం.

అట్లని సారీ అన్నిటికి సరిపోతదని గాదు. చెయ్యి జారి చాయ్ ఒలికితె సారీ. అప్పు తీసుకొని ఎగ్గొట్టినోడు సారీ అంటె ఎవరూ ఒప్పుకోరు, అక్కడ 'తప్పైంది' అని తప్పును పేరు పెట్టి పిలువాలె. 2009 డిసెంబర్ 9న రాష్ట్రం ఇస్తున్నమని ప్రకటించి, 23వ తారీఖున మాట మార్చినప్పుడు ఈ ప్రాంతపు పిల్లల మీద ఎంత పడ్డదో మనకు యాది ఉన్నది. అసొంటి దానికి సారీ అంటె తిట్టినట్టే. సారీకి మా కొలత ఇది: ఎదుటోడు 'పోనీ' అని అప్పుడే మరిచిపోగలిగిన దానికి మాత్రమే.

ఇగ ఈ శుద్ధి పట్టింపు మనకు ఎందుకు చేదనిపిస్తదో చెప్పాలె. శుద్ధమైన తెలుగు అన్న కట్టెతోటి దెబ్బలు తిన్నది మనమే గదా! సడక్, దవాఖాన, షురూ, జాగ అంటె "ఇదేం తెలుగు, తురక తెలుగు" అన్నరు, 'తౌరక్యాంధ్రం' అని దానికి పండితుల పేరొకటి పెట్టిండ్రు. సినిమాలల్ల మన యాసను రౌడీకి, జోకర్‌కు ఇచ్చిండ్రు. ఆ నవ్వినోళ్లు మాత్రం తమ పత్రికలల్ల రోజూ 'రైతు' అని రాసిండ్రు, 'జిల్లా' అని రాసిండ్రు. రైతు అరబ్బీ నుంచి వచ్చిన మాట, జిల్లా గూడ అంతే. మట్టిల పుట్టినట్టు కనవడే రైతు అన్న మాటే ఎరువుదైతె, ఇగ శుద్ధి ఎక్కడ మొదలుపెడుతరు? తమ నోట్లె ఉన్న ఎరువు మాట తెలుగట, మన నోట్లె ఉన్నది సంకరమట. పంచాయితీ భాష గురించి గాదు, ఎవరి నోరు అన్నదాని గురించి. మన వ్యాకరణాలు నయం, 'అన్యదేశ్యం' అని పేరు పెట్టి ఇసొంటి మాటలకు ఇంట్ల జాగ ఇచ్చినయి. రాష్ట్రం వచ్చినంక 2018ల 'బస్తీ దవాఖాన' అని బోర్డు రాసినప్పుడు మాకు అందుకే సంతోషమైంది. వైద్యశాల అని రాయలేదు, బస్తీల మనిషి పలికేది రాసిండ్రు. అసొంటి రాష్ట్రంల, మన పిల్ల నోటి మీద మళ్లా మనమే ఆ పాత కట్టె లేపుడు ఏం న్యాయం?

"అయితె వాటర్, రైస్ గూడ కానిమ్మంటరా?" అని సారొకాయన మమ్ముల అడిగిండు. కానియ్యం. బస్సు వచ్చినప్పుడు దాని జాగల వేరే మాట లేదు, అది ఖాళీ జాగల కూసున్నది. వాటర్ అట్ల గాదు, నీళ్లు బతికుండగ దాని కుర్చీ గుంజుకుంటున్నది. బువ్వ తిన్నవా అనే నోటితోటి రైస్ తిన్నవా అనుడు, పెండ్లిని మ్యారేజ్ అనుడు, ఇవి అక్కర కొద్ది వచ్చినవి గావు, గొప్ప కోసం వచ్చినయి. తేడా తెలుసుకునుడు కష్టం గాదు, ఆ వస్తువుకు అవ్వ నోట్లె పేరున్నదా లేదా అని అడిగితె చాలు. పైన బస్సుల ముచ్చట్ల చిల్లర ఎట్లున్నదో చూసిండ్రు గదా. టికెట్ పక్కనే, జీరో పక్కనే, చెక్కుచెదరకుండ ఉన్నది. బతికున్న మాటను ఎరువు మాటలు చంపలేదు.

చదువుల మాటలు వేరే. ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం 1917ల దారుల్ తర్జుమా పెట్టి, సైన్సు, చట్టం పుస్తకాలకు ఉర్దూల వేల మాటలు చేసిండ్రు. పాఠం చెప్పాలంటె అది కావాల్సిందే, తెలుగుకు గూడ తెలుగు అకాడమీ ఆ పని చేసింది. గాని అంత తర్జుమా చేసిన అదే నిజాం సర్కారు, సడక్ మీద నడిచే బస్సును బస్సనే ఉంచింది. పుస్తకానికి ఒక న్యాయం, సడక్‌కు ఒక న్యాయం.

భాష కోసం నిజంగ కొట్లాడాలనుకునే సార్లకు పని చాన ఉన్నది. సర్కారు జీవోలు ఇప్పటికీ ఎక్కువ శాతం ఇంగ్లిషులనే వస్తున్నయి. అవ్వకు వచ్చిన నోటీసు అవ్వ చదువలేదు. అక్కడ కొయ్యుండ్రి మార్కులు. వచ్చే సెప్టెంబర్ 9కి పోటీ పెట్టేటోళ్లకు మా కోరిక చిన్నది. ఇంగ్లిషు మాటలు లెక్కపెట్టే కాగితం పక్కన పెట్టుండ్రి. నీళ్లను వాటర్ అన్నోనికి ఒక మార్కు కొయ్యుండ్రి, బస్సెక్కినోనికి కొయ్యొద్దు. చతుశ్చక్ర వాహనం అన్నోనికి మాత్రం రెండు కొయ్యుండ్రి.